"మళ్లీ పెళ్లి" అని రాయకుండా: ఒక క్యాప్షన్ కేస్ స్టడీ

రాజోలు, పాలకొల్లు వైపు ఫోటో స్టూడియోలకి శుభలేఖల మ్యాటర్, ఆల్బమ్‌లో పేజీల మాటలు, ఫోటో కింద పెట్టుకునే క్యాప్షన్లు రాసిపెట్టడం నా పని. మా నాన్నగారికి ప్రింటింగ్ ప్రెస్ ఉండేది, పదో క్లాసు నుంచీ శుభలేఖల ప్రూఫులు దిద్దడం అలవాటు, అలా అలా ఈ పనిలోకి వచ్చేశాను. ఈ కేసు 2024 మాఘమాసంలోది. భార్యాభర్తలిద్దరూ రాసుకోమన్నాకే రాస్తున్నాను, పేర్లూ ఊరి పేరూ మాత్రం చెప్పను. సఖినేటిపల్లి రేవుకి ఇవతల, కోనసీమ వైపు ఊరు అనుకోండి చాలు.

ముందు సంగతి చెప్తాను. 2002లో పెళ్లయింది వాళ్లకి. ఆయన కొబ్బరితోట పక్కన రెండెకరాలు లీజుకి తీసుకుని వనామి రొయ్యలేశారు. మొదట్లో బాగానే వచ్చింది, తర్వాత 2014లో ఒక పంట, 2015లో ఇంకో పంట వైట్ స్పాట్ రోగం వచ్చి పోయాయి. తెల్లారేసరికి రొయ్య గట్టుకి వచ్చేసిందంటే ఇక చేసేదేం ఉండదు, కిలోకి ఎన్ని తూగితే ఆ కౌంటుకి, దొరికిన రేటుకి పట్టించేయడమే. మేత షాపు బాకీ, లీజు, కరెంటు బిల్లు, వడ్డీకి తెచ్చింది, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. 2016లో ఆవిడ ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్లింది. 2022లో వచ్చింది. ఆరేళ్లు. అందులో పద్నాలుగు నెలలు వాళ్లిద్దరూ ఫోన్లో కూడా మాట్లాడుకోలేదు, ఏదన్నా అవసరమైతే కూతురు ఇటు మాట అటు చెప్పేది. ఎందుకంటే ఆవిడ అక్కడుండగా ఆయన ఇంకో అప్పు చేశారు, చెప్పలేదు, ఆ సంగతి ఆవిడకి బయటివాళ్ల ద్వారా తెలిసింది.

ఇవన్నీ నాకు మొదటి రోజే చెప్పలేదు. మొదటి రోజు ఆయన అన్నది ఇదే: "చెల్లెమ్మా, మాఘమాసంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నాం, దండలు మార్చుకుంటాం, ఒకళ్లకొకళ్లం మాట ఇచ్చుకుందాం అనుకున్నాం, ఆ ఫోటో కింద నాలుగు ముక్కలు కావాలి. గొప్పగా వద్దు. మనూళ్లో వాళ్లు చదివి ఏడిపించకూడదు, అదొక్కటే."

గొప్పగా వద్దు అని అందరూ అంటారు, తీరా రాశాక ఇంకొంచెం బరువుగా ఉంటే బాగుండు అంటారు. ఈయన మాత్రం చివరిదాకా ఆ మాట మీదే ఉన్నారు.

వ్రతం ముందు పంతులుగారి దగ్గరికి వెళ్లినప్పుడు నేను కూడా ఉన్నాను. తాళి మళ్లీ కట్టాలా అని ఆయన అడిగితే పంతులుగారు అక్కర్లేదన్నారు, "కట్టింది కట్టినట్టే ఉంది కదయ్యా, అరవై నిండాక షష్టిపూర్తికి ఎలాగూ కడతావు, ఇప్పుడు పీటల మీద కూర్చుని వ్రతం చేసుకోండి, మీరు చెప్పుకోవాల్సింది తెలుగులో చెప్పుకోండి" అన్నారు. నాకు ఈ మాట చాలా పనికొచ్చింది, ఎందుకంటే అక్కడ జరిగేది పెళ్లి కాదు అని తేలిపోయింది. జరుగుతున్నదాన్ని ఏ పేరుతో పిలవాలి అన్నది ఈ కేసులో మొదటి చిక్కు, నిజం చెప్పాలంటే ఆఖరి దాకా అదే పెద్ద చిక్కు.

ఇంగ్లీషులో దీనికి వౌ రెన్యూవల్ అని తయారుగా ఉన్న పేరుంది. చర్చిలో పాతికేళ్లకి ప్రమాణాలు మళ్లీ చేయించడం మన డెల్టాలో క్రైస్తవ కుటుంబాలకి తెలిసిన విషయమే, వాళ్లు "కలిమిలోను లేమిలోను" అని మొదటిసారి చెప్పిన మాటలే మళ్లీ చెప్తారు, అక్కడ పేరు వెతుక్కోవాల్సిన పని లేదు. హిందూ పెళ్లిలో వరుడితో "నాతిచరామి" అనిపిస్తారు, అంటే అతిక్రమించను అని, ధర్మంలో అర్థంలో కామంలో నిన్ను దాటి వెళ్లను అని. కానీ ఆ క్షణంలో భజంత్రీల చప్పుడు, ఫోటోగ్రాఫర్ ఇటు చూడండి అనడం, అందులో ఆ మాట ఎంతమందికి వినపడుతుంది చెప్పండి. ఈయన్ని అడిగితే "ఆయ్, ఏదో అనమన్నారు, అన్నానండి" అన్నారు. కాబట్టి మళ్లీ చేసుకున్న ప్రమాణం అంటే చదివేవాళ్లకి వెంటనే తట్టేది ఏమీ లేదు. ఆ ఖాళీలోకి జనం తోసే మాట "మళ్లీ పెళ్లి".

ఆ మాట ఎంత పని చేసిందో చెప్తాను. వాళ్లమ్మాయి భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోంది, ముందు తనే ఒక క్యాప్షన్ రాసుకుంది. అది ఇది:

"ఎన్ని తుఫాన్లు వచ్చినా విడదీయలేని బంధం. కష్టాలన్నీ గెలిచి, అప్పులన్నీ తీర్చి, మళ్లీ పెళ్లి చేసుకున్న మా అమ్మానాన్న. వరల్డ్స్ బెస్ట్ కపుల్."

వ్రతానికి ముందు రోజు సాయంత్రం దండల ట్రయల్ వేస్తూ నాన్న ఒక్కడే ఉన్న ఫోటో తీసి, దాని కింద ఈ మాటల్లో సగం, అంటే "మళ్లీ పెళ్లి చేసుకుంటున్న మా నాన్న" అని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది. పాప సంబరంలో పెట్టింది, అంతకుమించి ఏం లేదు. పావుగంటలో తాడేపల్లిగూడెం నుంచి ఆయన మేనత్త గారు ఫోన్. ఏడుస్తున్నారు. "ఒరేయ్, ఆ పిల్ల ఆరేళ్లు ఎడారిలో అంట్లు తోమి పంపితే నువ్వు రెండో సంబంధం చేసుకుంటావట్రా" అని. స్టేటస్ తీసేశారు కానీ అప్పటికి నలభై మంది పైనే చూశారు. ఆ రాత్రి పది దాకా ఫోన్లు చేసి అందరికీ చెప్పుకోవడమే సరిపోయింది ఆయనకి.

తెలుగులో మళ్లీ పెళ్లి అంటే మొదట తోచే అర్థం ఇంకొకరితో అని. మారు పెళ్లి, రెండో పెళ్లి, మళ్లీ పెళ్లి మూడూ ఒక గూటి పక్షులే, పక్కన "తననే" అని చేర్చినా చదివేవాళ్లు అక్కడిదాకా రావాలి కదా. అందులోనూ మగాయన ఒక్కడే ఉన్న ఫోటో, భార్య ఏళ్ల తరబడి దూరదేశంలో ఉందని తెలిసిన చుట్టాలు, అపార్థానికి అన్నీ సమకూరాయి. అప్పటినుంచి నేను ఈ రకం పనికి ఒప్పుకున్నప్పుడు ముందే చెప్పేస్తున్నాను, క్యాప్షన్‌లో పెళ్లి అనే మాట పాత పెళ్లి గురించి చెప్పేటప్పుడు మాత్రమే వాడదాం, కొత్తగా జరిగినదానికి ఏం జరిగిందో అదే రాద్దాం అని. వ్రతం చేసుకున్నాం. దండలు మార్చుకున్నాం. మాట ఇచ్చుకున్నాం. పేరు లేకపోయినా పని తెలుస్తుంది.

పాప రాసిన దాంట్లో మిగతా మాటలు కూడా చూద్దాం, ఎందుకంటే చాలామంది పంపేవి అచ్చం ఇలాగే ఉంటాయి. తుఫాన్లు అంది. వేరే ఊళ్లో అయితే అది అలంకారం. కోనసీమలో 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, కొబ్బరిచెట్లు తలలు తెగి పడున్న తోటలు చూసినవాళ్లు. వాళ్లకి తుఫాను అంటే నిజంగా తుఫానే, చదవగానే మీ ఇల్లు ఎప్పుడు పోయింది అనుకుంటారు. ఇక అప్పులన్నీ తీర్చి అన్న మాట. ఇది అబద్ధం, పాపకి తెలియదు అంతే. మేత షాపులో ఇంకా కొంత బాకీ ఉంది, నెలనెలా కడుతున్నారు. ఆ షాపాయన ఫేస్‌బుక్‌లో ఈయన ఫ్రెండే! రేపు పోస్టు చూసి "అన్నీ తీర్చేశావంట కదా" అని దుకాణం ముందు నలుగురిలో అంటే ఆ మొహం ఎక్కడ పెట్టుకుంటారు. నేను ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న వేసుకుంటాను, ఇది చదివి ఫోన్ చేసేవాళ్లెవరు అని. అప్పులన్నీ అనే మాటకి ఫోన్ చేసే మనిషి స్పష్టంగా కనపడుతున్నాడు. చాలావరకు తీర్చాం అని మారుద్దామా అన్నారు ఆయన. వద్దన్నాను, ఎంతవరకు అని లెక్క మొదలవుతుంది. అప్పు ఊసే తీసేశాం.

ఇక నేను రాసిన మొదటి డ్రాఫ్ట్. అది కూడా పెడుతున్నాను, నా తప్పు ఎక్కడుందో కనపడాలి కాబట్టి:

"22 ఏళ్ల క్రితం అర్థం కాని మంత్రాలకి తలూపాం. ఈసారి అర్థమయ్యే మాటల్లో ఒప్పుకున్నాం. మధ్యలో ఏళ్లు కష్టంగా గడిచాయి. తను నన్ను క్షమించింది, సర్దుకుపోయింది. ఇక మనం ఎప్పటికీ ఇలాగే."

ఆయనకి నచ్చింది. ఆవిడకి చదివి వినిపించాను, ఆవిడ పచ్చడికి చింతకాయలు ఒలుస్తున్నారు, చేతులు ఆగిపోయాయి. కాసేపాగి "క్షమించానని నేనెప్పుడన్నాను?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆవిడ అప్పటికి క్షమించారో లేదో ఆవిడకే తెలియాలి, ఇంకా తేల్చుకోలేదేమో కూడా. ఆ మాట ఆయన నోటితో రాస్తే ఆవిడ తరఫున ఆయన తీర్పు చెప్పుకున్నట్టవుతుంది, పైగా నలుగురి ముందు చెప్పేశాక ఆవిడ ఇక కాదనలేరు. సర్దుకుపోయింది అన్నది ఇంకా దారుణం. ఆ మాట మనం ఆడవాళ్లకే వాడతాం, మొగుడు సర్దుకుపోయాడు అని ఎవరైనా రాయగా చూశారా. ఆరేళ్లు ఇంకొకళ్లింట్లో పని చేసి డబ్బు పంపిన మనిషికి సర్దుకుపోయింది అని రాయడం ఆ కష్టాన్ని చిన్నది చేయడమే. ఆవిడ అనేదాకా నాకు తట్టలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకో తప్పు ఉంది, చిన్నదే కానీ ఎప్పుడూ జరిగేది. చివర్లో "మనం" అని రాశాను. మొదట్లో "తలూపాం, ఒప్పుకున్నాం" అన్నది ఊరివాళ్లతో చెప్తున్నట్టు, అంటే మేం. చివరికొచ్చేసరికి మనం అనగానే ఆయన భార్య వైపు తిరిగి మాట్లాడినట్టు అయిపోయింది, ఊరివాళ్లు గుమ్మంలో నిలబడి వింటున్నట్టు. మన భాషలో మేం, మనం వేరు కాబట్టి ఎవరితో మాట్లాడుతున్నామో దాచుకోలేం. నువ్వు, నీకు అని రాసినా అంతే, అది ఉత్తరం అవుతుంది, ఉత్తరం భార్యకి ఇవ్వాలి కానీ గోడకి అంటించకూడదు. అందుకే క్యాప్షన్ మొత్తం ఊరివాళ్లతో మాట్లాడినట్టు ఉంచాం, భార్య గురించి "తను", ఇద్దరి గురించి "మేం". ఇక ఎప్పటికీ అన్న మాట కూడా తీసేశాను, ఎప్పటికీ అని 2002లోనే ఒకసారి అనేశారు కదా, అదే అరువుకి మళ్లీ అడిగితే ఎవరిస్తారు.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు.

నేను పెట్టుకున్న గీత ఏంటంటే, ఊరికి తెలిసింది రాయొచ్చు, ఇంటికే తెలిసింది ఇంట్లోనే ఉండాలి. రొయ్యల పంట పోయింది ఊరంతా చూసింది, చెరువు మీద వాసన వారం రోజులు పోలేదు. ఆవిడ కువైట్ వెళ్లింది అందరికీ తెలుసు, మన వైపు వీధికొక్కరు వెళ్లినవాళ్లే. ఇవి రాయకుండా కష్టాలు పడ్డాం అని మాత్రం రాస్తే చదివేవాళ్లు ఏదో దాస్తున్నారు అనుకుంటారు, ఊహించుకోవడం మొదలెడతారు. తెలిసినదాన్ని మామూలు మాటల్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తే ఊహ ఆగిపోతుంది. కానీ చెప్పకుండా చేసిన అప్పు, పద్నాలుగు నెలల మౌనం, ఇవి ఇంటి సంగతులు. దూరమయ్యాం, విడిపోయాం లాంటి మాటలు కూడా అందుకే రాయలేదు. విడిపోయాం అంటే కోర్టు దాకా వెళ్లారనుకుంటారు. కువైట్‌లో ఆరేళ్లు ఉంది అన్నది ఉన్నదున్నట్టు.

అయితే ఆయన ఇచ్చిన మాట ఉంది చూడండి, అది సరిగ్గా ఆ దాచాల్సిన దాని మీదే. వ్రతం రోజు ఆయన అనాలనుకున్నది "ఇకమీదట నీకు చెప్పకుండా అప్పు చెయ్యను" అని. క్యాప్షన్‌లో కూడా అదే పెట్టమన్నారు. "నా తప్పే కదా చెల్లెమ్మా, నేను చెప్పుకుంటే తప్పేంటి" అన్నారు. నిజమే, ఎవరి తప్పు వాళ్ల నోట వస్తే తప్పు లేదు, అది ఆవిడ నోటి నుంచో నా కలం నుంచో వస్తేనే తప్పు. కానీ ఆవిడ ఒప్పుకోలేదు. "ఏవండీ, రేపు పిల్లకి సంబంధాలు చూడాలి, చెప్పకుండా అప్పులు చేసేవాడు అని మీకు మీరే రాసుకుంటారా" అన్నారు. రెండు రోజులు దీని మీదే నడిచింది. నాకు ఇద్దరి మాటా సబబే అనిపించింది. చివరికి పీటల మీద ఆవిడకి వినపడేలా పూర్తి మాట అనేటట్టు, క్యాప్షన్‌లో అదే మాటని కొంచెం వెడల్పు చేసి "డబ్బు సంగతి ఏదైనా ముందు తనకే చెప్తాను" అని పెట్టేటట్టు ఒప్పుకున్నారు. ఇది అబద్ధం కాదు, తగ్గించినదీ కాదు, ఆయన రేపు నిలబెట్టుకుంటున్నారో లేదో ఆవిడ చూడగలరు. మాట ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా పట్టుకోవచ్చు. ప్రాణంలా చూసుకుంటాను అంటే ఏ రోజు చూసుకున్నాడో ఏ రోజు చూసుకోలేదో ఎలా లెక్కపెడతాం?

ఆవిడ ఇచ్చిన మాట అడిగితే వెంటనే చెప్పారు, ముందే ఆలోచించుకున్నట్టు. "కోపమొస్తే ఆ రోజే అడిగేస్తాను, మాట మాననండి." ఆ పద్నాలుగు నెలలూ ఆ ఒక్క ముక్కలోనే ఉన్నాయి, తెలిసినవాళ్లకి తెలుస్తుంది, తెలియనివాళ్లకి మామూలు మాట. నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

తర్వాత నాకు క్యాప్షన్‌లో ఒక కళ్లకి కట్టే ముక్క కావాలి, లేకపోతే ఇది కోర్టు కాగితంలా ఉంటుంది. ఆయన్ని ఒక్కడినే కూర్చోబెట్టి ఆవిడ వెళ్లిన రోజు గురించి అడిగాను. సఖినేటిపల్లి రేవు దాకా వెళ్లారంట, పంటు ఎక్కి నర్సాపురం వెళ్లి అక్కడ రైలెక్కాలి ఆవిడ. "పంటు కదిలేదాకా నిలబడ్డానమ్మా, ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను" అన్నారు. బాగుంది, రాసుకున్నాను. రాసింది ఆవిడకి చూపించాను, ఎందుకంటే ఒకళ్లు చెప్పింది రెండోవాళ్లకి వినిపించకుండా నేను ఏదీ ఖాయం చేయను. ఆవిడ చదివి నవ్వారు, మొదటిసారి ఈ పనిలో నవ్వడం. "మాట్లాడకపోవడమేంటి, బ్యాగు జిప్పు సరిగ్గా పడిందో లేదో చూసుకో అన్నారు కదా. పంటు మధ్యలోకి వెళ్లాక చూసుకున్నాను, నిజంగానే సగమే పడింది" అన్నారు.

ఆయనకి గుర్తే లేదు. అప్పుడే విన్నట్టు విన్నారు. ఎనిమిదేళ్లు ఆవిడ ఆ మాట గుర్తు పెట్టుకున్నారు, ఈయనేమో ఏమీ అనలేకపోయానన్న బాధ మోస్తున్నారు. నేనిక ఆ వాక్యం మీద చెయ్యి పెట్టలేదు, ఆవిడ చెప్పింది చెప్పినట్టు అందులో చేర్చేశాను.

ఇంకో సంగతి కూడా చేర్చుదామా అన్న చర్చ వచ్చింది. కువైట్ వెళ్లేముందు టికెట్టుకీ ఏజెంటుకీ డబ్బు కావాల్సి ఆవిడ పుస్తెలు తాకట్టు పెట్టారు. మెడలో పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్లారు. వచ్చాక పుస్తెలు విడిపించుకున్నారు కానీ ఆ కొమ్ము పారేయలేదు, ఎండి నల్లబడి వేలెడంత ఉంది, పసుపు డబ్బాలో దాచుకున్నారు. వ్రతం రోజు దాన్ని పుస్తెల పక్కనే తాడుకి కట్టుకుని కూర్చున్నారు. మా ఫోటోగ్రాఫర్ అబ్బాయి అది గమనించి దగ్గరగా ఒకటి తీశాడు, ఒక పక్క బంగారం మెరుస్తుంటే పక్కన ఆ ముడతల కొమ్ము, వెనక గోరింటాకు వేళ్లు. నేను చూసిన ఫోటోల్లో ఇంత మంచిది తక్కువ. పోస్టుకి ఇదే పెడదాం అని అబ్బాయి, పాప ఇద్దరూ పట్టుబట్టారు. లైకులు బాగా వస్తాయి, నిజమే. ఆయన ఏం మాట్లాడలేదు, ఆవిడ వైపు చూశారు. ఆవిడ "వద్దు" అన్నారు, కారణం చెప్పలేదు. నేను అడగలేదు. అది ఆవిడ మెడలోది, ఆవిడ అంతే చాలు. పోస్టుకి ఇద్దరూ పీటల మీద కూర్చుని అక్షింతలు చేతిలో పట్టుకుని పంతులుగారి వైపు చూస్తున్న మామూలు ఫోటో ఎంచుకున్నాం. ఇద్దరూ ఉండాలి ఫ్రేములో, మేనత్తగారి ఫోన్ తర్వాత అది ఖాయం.

ఆ ఫోటో కింద పెట్టింది ఇది, ఆయన ఫేస్‌బుక్‌లో, ఆయన మాటగా:

"మాకు 2002లో పెళ్లయింది. చెరువులో వరసగా రెండు పంటలు పోయాక తను కువైట్ వెళ్లింది, ఆరేళ్లు అక్కడ పని చేసి ఇల్లు నిలబెట్టింది. వెళ్లిన రోజు రేవులో బ్యాగు జిప్పు చూసుకో అన్నానంట, అంతకుమించి ఏం అనలేకపోయాను. నిన్న ఇంట్లో ఇద్దరం కూర్చుని వ్రతం చేసుకున్నాం, ఒకళ్లకొకళ్లం మాట ఇచ్చుకున్నాం. డబ్బు సంగతి ఏదైనా ముందు తనకే చెప్తానని నేను. కోపమొస్తే ఆ రోజే అడిగేస్తాను, మాట మానను అని తను. అప్పట్లో మా పాపని చూసుకున్న మా అత్తగారికి, తనకి ఫోన్ రీచార్జ్ చేయించి పెట్టిన కువైట్ అక్కలకి దండం."

"అన్నానంట" అన్న మాట చూడండి. నాకు గుర్తులేదు, తను చెప్తే తెలిసింది అని ఆ చివరి "అంట"లో ఉంది, విడిగా చెప్పక్కర్లేదు. "ఇల్లు నిలబెట్టింది" దగ్గర నేను కొంచెం తటపటాయించాను, పొగడ్తలా ఉందేమో అని, కానీ ఆవిడ పంపిన డబ్బుతోనే లీజు బాకీ, పాప ఫీజు కట్టారు, ఇది లెక్క ఉన్న మాట. ఆయనే పట్టుబట్టి ఉంచారు. చివరి దండం వాక్యం కూడా ఆయనదే, నేను అడిగింది ఒక్కటే, దండం పెట్టేది నిజంగా ఎవరికి పెట్టాలనుంది అని. కువైట్‌లో పక్కిళ్లలో పనిచేసే మన వైపు ఆడవాళ్లు ఆవిడ ఫోన్లో బ్యాలెన్స్ వేయించేవాళ్లంట. దేవుడి దయ, పెద్దల ఆశీర్వాదం అని రాస్తే ఆ అక్కలు ఇందులో ఉండేవాళ్లు కాదు.

మొదటి లైను గురించి కూడా చెప్పాలి. ఫోన్లో ఫోటో కింద మొదటి కొన్ని లైన్లే కనపడతాయి, మిగతాది నొక్కితేనే. తెలుగులో ఇంకా తక్కువ పడొచ్చు, ఎందుకంటే మనకి ఒక అక్షరంలా కనపడేది మెషిన్‌కి ఒకటి కాదు, గుణింతం, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది, "పెళ్లి" అనే రెండక్షరాల మాట ఆరు అవుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కి 2,200 దాకా ఇస్తారు కాబట్టి అక్కడ కూడా ఇది సులువుగా పడుతుంది, ఇబ్బంది పొడవుతో కాదు, నొక్కకుండా వెళ్లిపోయేవాళ్లతో. అందుకే మొదటి వాక్యం ఒక్కటే చదివి వెళ్లిపోయినా తప్పుగా అర్థం చేసుకోకూడదు. "మాకు 2002లో పెళ్లయింది" అన్న వాక్యంతో మేనత్తగారికి కూడా భయం ఉండదు. అదే మొదట్లో "తను కువైట్ వెళ్లిపోయింది" అని పెట్టుంటే చదివేవాళ్లు ఎక్కువ వచ్చేవాళ్లు, కానీ ఆగకుండా పోయినవాళ్లు పెళ్లాం వదిలేసి వెళ్లిందని ఊరంతా చెప్పేవాళ్లు.

ఆవిడకి ఫేస్‌బుక్ లేదు, వాట్సాప్ ఒక్కటే. ఆవిడ స్టేటస్‌కి విడిగా చిన్నది కావాలన్నారు. ఆవిడ మాటగా ఉండాలి కాబట్టి అక్కడ "తను" మారి "ఆయన" అయింది: "నిన్న ఇంట్లో ఆయనా నేనూ వ్రతం చేసుకున్నాం. 22 ఏళ్లు. ఇద్దరం ఇక్కడే ఉన్నాం." ఇక్కడే అన్న మాటకి కువైట్‌లో ఉన్న ఫ్రెండ్స్ ఒక్కొక్కరే వాయిస్ మెసేజులు పెట్టారు, ఆవిడ అవి సేవ్ చేసుకున్నారు. పాప తన ఇన్‌స్టాలో ఏం పెట్టాలి అంటే, అమ్మానాన్నల మాట నువ్వు మోయకు, నీ మాట నువ్వు రాసుకో అన్నాను. "అమ్మ రేవు దాటినప్పుడు నాకు పదకొండేళ్లు. నిన్న వాళ్ల వెనకాల నేను కూర్చున్నాను" అని రాసింది. అది తనకి తనే రాసుకుంది, నేను కామా కూడా పెట్టలేదు.

పోస్టు పెట్టాక ఒక కామెంట్ కొంచెం ఇబ్బంది పెట్టింది. దూరపు చుట్టం ఒకాయన "ఏం గొడవలు జరిగాయేంటి బావా, మాట ఇచ్చుకునేంత" అని. ఈయన డిలీట్ చేద్దామా అని ఫోన్ చేశారు. డిలీట్ చేస్తే ఏదో ఉందనే కదా, ఉంచండి, ఉన్నమాటే రాయండి అన్నాను. "అందరిళ్లల్లో లాంటివే బావా" అని పెట్టారు. దాని కింద మేనత్తగారు దండం బొమ్మ పెట్టారు, ఇక ఎవరూ ఏం అడగలేదు.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు. ఇద్దరిలో ఒకరు మాట్లాడటానికి ఒప్పుకోకపోతే, లేదా కొట్టడం తిట్టడం లాంటివి జరిగిన ఇళ్లల్లో నేను ఈ పని తీసుకోను, అక్కడ క్యాప్షన్ ఒకరి మీద మూతలా పడుతుంది. ఇద్దరినీ విడివిడిగా ఒకసారైనా కూర్చోబెట్టి అడిగే వీలు లేకపోతే కూడా తీసుకోను. ఈ కేసులో విడిగా అడిగాను కాబట్టే జిప్పు దొరికింది, క్షమించింది అన్న మాట పోయింది.

ఆల్బమ్ నెల తర్వాత వచ్చింది. పసుపు కొమ్ము ఫోటో ఆవిడ అడిగి ఆఖరి పేజీలో వేయించుకున్నారు. ఆ పేజీకి ఏం రాయాలక్కా అని స్టూడియో అబ్బాయి ఫోన్ చేస్తే, వదినగారిని అడిగి చెప్తానన్నాను. అడిగితే ఖాళీగా వదిలేయమన్నారు.